పాకంలో నిమ్మచుక్క

ఎండన పడి వచ్చినవారికి గ్లాసుడు నిమ్మరసం కలిపి ఇస్తాం. అందులో ఉండేవి మూడే: నీళ్లు, పంచదార, నిమ్మకాయ పులుపు. పండగకు గులాబ్‌జామ్‌లు చేసేటప్పుడు పొయ్యి మీద పాకం పెట్టి, అది మరుగుతుండగా అరచెక్క నిమ్మకాయ పిండుతాం. అందులో ఉండేవీ ఆ మూడే. గ్లాసులోని పంచదార తాగేదాకా పంచదారగానే ఉంటుంది. గిన్నెలోని పంచదారలో కొంత భాగం మాత్రం పది నిమిషాల్లో పంచదార కాకుండా పోతుంది.

నిమ్మకాయ ఎందుకు పిండారని అడిగితే, పాకం చల్లారాక పలుకులు కట్టకుండా ఉండటానికని వంటింట్లో ఎవరైనా చెబుతారు. నిజమే. పంచదార అణువు రెండు చిన్న చక్కెరల జంట. గ్లూకోజు ఒకటి, ఫ్రక్టోజు ఇంకొకటి. రెండింటినీ ఒక ఆక్సిజన్ పరమాణువు వంతెనలా కలిపి ఉంచుతుంది. పులుపు తగిలి, వేడి తోడైతే ఆ వంతెన తెగుతుంది, అక్కడ ఒక నీటి అణువు వచ్చి చేరుతుంది, జంట విడిపోతుంది. పలుకు కట్టాలంటే ఒకే రూపంలో ఉన్న పంచదార అణువులు వరుసగా పేర్చుకోవాలి. మధ్యలో వేరే రూపంలో ఉన్న గ్లూకోజు, ఫ్రక్టోజు అడ్డు తగిలితే ఆ వరుస చెడుతుంది. పాకం పాకంగానే నిలుస్తుంది.

మరి అదే పని గ్లాసులో ఎందుకు జరగదు? వేడి లేదు కాబట్టి అనేయవచ్చు. కానీ ఆ జవాబు ఇంకో ప్రశ్నను దాచిపెడుతుంది. వేడి అసలు ఏం చేస్తుంది? మందంగా సాగే చర్యను కొంచెం వేగంగా తోస్తుందా? ఈ పంచదార లెక్క కట్టి చూస్తే కళ్లు తిరుగుతాయి. 105 డిగ్రీల తీగపాకంలో పది నిమిషాల్లో జరిగే విరుగుడు, అంతే పులుపుతో 30 డిగ్రీల గదిలో జరగాలంటే దాదాపు నెల రోజులు పడుతుంది. వేగంలో తేడా సుమారు నాలుగున్నర వేల రెట్లు. ఉష్ణోగ్రతలో తేడా 75 డిగ్రీలే.

ఇంత చిన్న తేడాకు అంత పెద్ద ఫలితం ఎలా వస్తుందో చెప్పేదే అభిఘాత సిద్ధాంతం. ఢీకొనడాన్నే పాఠ్యపుస్తకాలు అభిఘాతం అంటాయి. ఆ సిద్ధాంతం పుట్టడానికి దారి వేసిన పరిశీలనల్లో ముఖ్యమైనవి ఈ పంచదార మీదే జరిగాయి.

హైడెల్‌బర్గ్‌లో ఒక గొట్టం పంచదార నీళ్లు

పాకంలో ఎంత పంచదార విరిగిందో కంటికి కనపడదు. రంగు మారదు, బుడగ రాదు, మడ్డి కట్టదు. కానీ పంచదారకు ఒక గుణం ఉంది. ఒకే తలంలో కంపించేలా వడకట్టిన కాంతిని పంచదార నీళ్ల గుండా పంపితే, ఆ తలం కుడివైపుకు తిరుగుతుంది. గ్లూకోజు, ఫ్రక్టోజుల మిశ్రమం దాన్ని ఎడమవైపుకు తిప్పుతుంది. అంటే పంచదార విరిగే కొద్దీ కాంతి కుడి నుంచి ఎడమకు జరుగుతూ వస్తుంది. ఈ తిరుగుడు వల్లే ఆ చర్యకు విలోమం అని పేరు వచ్చింది. ధ్రువణమాపకం అనే పరికరంలో ఆ కోణాన్ని చదువుకుంటూ పోతే, గొట్టం మూత తీయకుండానే లోపల ఎంత పంచదార మిగిలిందో తెలుస్తుంది.

1850లో లుడ్విగ్ విల్‌హెల్మీ అనే జర్మన్ శాస్త్రవేత్త చేసిన పని ఇదే. పంచదార నీళ్లలో ఆమ్లం కలిపి, గడియారం పక్కన పెట్టుకుని, కోణాలు రాసుకుంటూ పోయాడు. చర్య మొదట్లో జోరుగా ఉండి, పోనుపోను నెమ్మదించింది. ఆ నెమ్మదించడంలో ఒక క్రమం ఉంది. ఏ క్షణంలో చూసినా, విరిగే వేగం ఆ క్షణానికి ఇంకా మిగిలిన పంచదారకు సరిగ్గా అనుపాతంలో ఉంది. ఉన్న పంచదారలో సగం విరగడానికి ఇరవై నిమిషాలు పట్టిందనుకుందాం. మిగిలిన సగం మొత్తం ఇంకో ఇరవై నిమిషాల్లో అయిపోదు. అందులో సగమే విరుగుతుంది. ఆ తరవాతి ఇరవై నిమిషాల్లో మిగిలినదానిలో మళ్లీ సగం.

చర్యా వేగాన్ని గణితంలో పెట్టిన తొలి పని ఇదేనని రసాయన శాస్త్ర చరిత్ర చెబుతుంది. అప్పట్లో మాత్రం దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ముప్ఫై ఏళ్లు దాటాక ఓస్ట్వాల్డ్ దాన్ని బయటికి తీసి నలుగురికీ చూపించాడు.

పందిట్లో పలకరింపులు

మిగిలిన పంచదారను బట్టి వేగం ఎందుకు ఉండాలి? అణువులు కలవనిదే చర్య లేదు. కలవడమంటే ఢీకొనడమే. కాబట్టి ముందు లెక్కపెట్టాల్సింది ఢీల సంఖ్యను.

పెళ్లి పందిరి ఒకటి ఊహించుకోండి. మగపెళ్లివారు పదిమంది, ఆడపెళ్లివారు పదిమంది. ఈ వైపువారు ప్రతి ఒక్కరూ ఆ వైపువారిలో ప్రతి ఒక్కరినీ పలకరించాలంటే పది పదులు వంద పలకరింపులు. మగపెళ్లివారు ఇరవైమంది దిగితే అవి రెండు వందలవుతాయి. రెండు వైపులా ఇరవై మంది చొప్పున ఉంటే నాలుగు వందలు. పందిరి మాత్రం అదే. అంటే ఒకే చోటులో ఒక పదార్థాన్ని రెట్టింపు చేస్తే రెండు రకాల అణువులు ఎదురుపడే అవకాశం రెట్టింపవుతుంది, రెండింటినీ రెట్టింపు చేస్తే నాలుగింతలవుతుంది. గాఢత అన్న మాటకు అర్థం ఇదే: ఒకే చోటులో ఎంతమంది ఉన్నారన్నది. మనుషులను పెంచకుండా పందిరిని సగానికి కుదించినా ఇదే జరుగుతుంది. వాయువులను నొక్కితే చర్య వేగం పుంజుకునేది అందుకే.

విల్‌హెల్మీ గొట్టంలో పంచదార తగ్గే కొద్దీ పలకరింపులు తగ్గాయి, వేగమూ తగ్గింది. ఇక్కడ ఒక సందేహం రావాలి. పంచదారతో కలవాల్సింది నీళ్లు కూడా కదా, వాటి లెక్క ఏమైంది? పలుచని ద్రావణంలో పంచదార కొద్ది, నీళ్లు కొల్లలు. ఉన్న పంచదారంతా విరిగినా నీళ్లలో తరుగు కనపడదు. ఎప్పుడూ నిండుగా ఉండే ఆ పందిరి వైపు నుంచి వేగంలో మార్పు రాదు. సమీకరణంలో కనిపించే ప్రతి పదార్థమూ వేగాన్ని మారుస్తుందనుకుంటే పొరపాటు. దేని గాఢత ఎంత లెక్కకు వస్తుందో ప్రయోగం చేసి తెలుసుకోవలసిందే.

పులుపు సంగతి వేరు. పనిచేసేది అందులోని హైడ్రోజన్ అయాన్. అది పంచదారకు తగిలి వంతెన తెంచి, మళ్లీ విడుదలై ఇంకో పంచదార అణువును వెతుక్కుంటుంది. తాను ఖర్చు కాదు. అందుకే అరచెక్క నిమ్మకాయ గిన్నెడు పాకానికి సరిపోతుంది. ఆ అయాన్ల గాఢత రెట్టింపైతే విరిగే వేగం కూడా దాదాపు రెట్టింపవుతుంది. కానీ నిమ్మరసం రెట్టింపు పిండితే అయాన్లు రెట్టింపు కావు. నిమ్మకాయలో ఉన్నది సిట్రిక్ ఆమ్లం, బలహీనమైనది. దాని అణువుల్లో కొన్నే అయాన్లను వదులుతాయి. గాఢత పెరిగే కొద్దీ ఆ వదిలే వంతు తగ్గుతుంది. పాకంలో అరచెక్కకు బదులు కాయంతా పిండితే వేగం రెండింతలు కాదు, సుమారు 1.4 రెట్లే అవుతుంది.

గాఢత పని తీరు ఇది. అది ఢీల సంఖ్యను పెంచుతుంది, అంతకు మించి ఏమీ చేయదు. రెట్టింపు చేస్తే రెట్టింపు, పదింతలు చేస్తే పదింతలు. దాని లెక్క ఎప్పుడూ ఎక్కాల లెక్కే. నాలుగున్నర వేల రెట్లకు జవాబు ఇక్కడ లేదు.

పన్నెండు శాతం దగ్గర ఆగిన లెక్క

వేడి చేస్తే అణువులు వేగంగా కదులుతాయి. వేగంగా కదిలితే ఎక్కువసార్లు ఢీకొంటాయి. ఎక్కువసార్లు ఢీకొంటే చర్య వేగంగా జరుగుతుంది. బడిలో చాలామంది నేర్చుకునేది ఇదే. ప్రతి వాక్యమూ నిజమే, కలిపి చూస్తే మాత్రం లెక్క కుదరదు.

అణువుల సగటు వేగం ఉష్ణోగ్రతను అనుసరించి పెరుగుతుంది, కానీ డిగ్రీలను సున్నా సెల్సియస్ నుంచి కాక మైనస్ 273 నుంచి లెక్కపెట్టాలి. పైగా అది వర్గమూలంగా పెరుగుతుంది. ఆ కొలతలో 30 డిగ్రీల గది 303, తీగపాకం 378. ఈ రెండింటి నిష్పత్తికి వర్గమూలం తీస్తే సుమారు 1.12 వస్తుంది. అంటే గది వేడిమి నుంచి మరిగే పాకం దాకా వచ్చినా అణువుల వేగం పెరిగేది పన్నెండు శాతమే. వాయువుల్లో ఢీలు పెరిగేదీ అంతే. పన్నెండు శాతం ఎక్కువ ఢీలతో నెల రోజుల పని పది నిమిషాల్లోకి రాదు.

ఈ పొంతన లేనితనాన్ని 1889లో స్వీడన్ శాస్త్రవేత్త స్వాంటే అర్రీనియస్ సూటిగా పట్టుకున్నాడు. అతని ముందున్నదీ పంచదార విలోమమే. ఒక్క డిగ్రీ పెంచితే దాని వేగం పది శాతానికి పైగా పెరుగుతోంది. అణువుల వేగం మాత్రం డిగ్రీకి శాతంలో ఆరో వంతు కూడా దాటడం లేదు. కాబట్టి ఢీలు పెరగడం దీనికి కారణం కాదని తేల్చాడు. అతను ఊహించినది వేరు. ద్రావణంలో ఉన్న పంచదార అణువులన్నీ ఒకే స్థితిలో లేవు. ఏ క్షణంలో చూసినా చర్యకు సిద్ధంగా ఉన్నవి బహు కొద్ది. మిగతావి మామూలువి. వేడి చేస్తే వేగంగా పెరిగేది ఆ సిద్ధంగా ఉన్నవాటి సంఖ్య.

సిద్ధంగా ఉండటమంటే కావలసినంత శక్తి పోగై ఉండటం. పాత బంధం తెగితేనే కొత్త బంధం కుదురుతుంది. తెగడానికి ముందు దాన్ని సాగదీయాలి, వంచాలి, అందుకు శక్తి కావాలి. దాటవలసిన ఆ గట్టు ఎత్తునే ఉత్తేజన శక్తి అంటారు. ఢీకొన్నప్పుడు ఆ గట్టుకు సరిపడా శక్తి ఉంటే అణువులు అవతలికి దాటి కొత్త పదార్థమవుతాయి. లేకపోతే బిళ్లంగోళ్లలా తగిలి, చెరో దారిన పోతాయి. ఆమ్లంలో పంచదార విరగడానికి గట్టు మోలుకు సుమారు 107 కిలోజౌళ్లు. ఇది చిన్న గట్టేమీ కాదు.

తొంభై అయిదు దాటినవాళ్లు

సగటు శక్తి కొద్దిగా పెరిగితే గట్టు దాటేవాళ్లు వేల రెట్లు ఎలా పెరుగుతారు? పరీక్షల లెక్కతో చూస్తే తేలిక. ఒక రాష్ట్రంలో లక్షలమంది పరీక్ష రాశారు, సగటు 50 మార్కులు. ఎక్కువమంది 40కీ 60కీ మధ్య ఉంటారు. అటూ ఇటూ పోయే కొద్దీ పలుచబడి, 95 దాటినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది ఉంటారు. మరుసటి ఏడు పేపరు కాస్త తేలికై సగటు 55కు చేరింది. 50 దాటినవాళ్లు కొంత పెరుగుతారు. అందులో వింత లేదు. కానీ 95 దాటినవాళ్లను లెక్కపెడితే వాళ్లు కొన్ని రెట్లు పెరిగి ఉంటారు. సగటుకు ఎంత దూరంలో గీత గీస్తే, సగటు జరిగినప్పుడు ఆ గీత దాటేవాళ్ల సంఖ్య అంత విపరీతంగా మారుతుంది.

అణువులకూ ఇదే వర్తిస్తుంది. ఒకే గిన్నెలో, ఒకే ఉష్ణోగ్రతలో ఉన్నా అన్నింటికీ ఒకే శక్తి ఉండదు. ఢీలు కొట్టుకుంటూ ఒకటి పోగొట్టుకున్నది ఇంకొకటి అందుకుంటుంది. ఈ పంపకం ఏ ఆకారంలో ఉంటుందో మాక్స్‌వెల్, బోల్ట్స్‌మన్ పంతొమ్మిదో శతాబ్దంలోనే లెక్కకట్టారు. పంచదార గట్టు సగటు శక్తికి చాలా దూరంలో, 95 మార్కుల గీత కంటే ఎంతో కఠినమైన చోట ఉంది. లెక్క వేస్తే 105 డిగ్రీల దగ్గర సుమారు ఆరు కోటి కోట్ల ఢీలలో ఒకదానికి మాత్రమే ఆ గట్టుకు సరిపడా శక్తి ఉంటుంది. 30 డిగ్రీల దగ్గరైతే దాదాపు ఇరవై ఎనిమిది వేల కోటి కోట్లలో ఒకదానికి. రెండింటి మధ్య నాలుగున్నర వేల రెట్ల తేడా ఇక్కడ ఉంది. ఆరు కోటి కోట్లలో ఒకటి అంటే ఏమీ లేనట్టే కదా అనిపిస్తుంది. కానీ అణువులకు తీరిక లేదు. మనం పీల్చే గాలిలో ఒక్కో నైట్రోజన్ అణువు సెకనుకు కొన్ని వందల కోట్ల సార్లు పొరుగువాటిని ఢీకొంటుంది. అన్ని ప్రయత్నాలు జరిగే చోట ఆ అరుదైన ఢీ కూడా వస్తూనే ఉంటుంది.

దీని నుంచి వంటింటికి పనికొచ్చే ఒక సంగతి తేలుతుంది. పది డిగ్రీలు పెంచితే చర్య రెట్టింపు వేగంతో జరుగుతుందని పుస్తకాల్లో ఒక సూత్రం కనిపిస్తుంది. అది గట్టు మోలుకు 50 కిలోజౌళ్ల దరిదాపుల్లో ఉన్న చర్యలకు, గది వేడిమి దగ్గర మాత్రమే సరిపోయే మాట. పంచదార గట్టు దానికి రెట్టింపు ఎత్తు. అందుకే 27 డిగ్రీల నుంచి 37కు పెంచితే దాని వేగం రెట్టింపు కాదు, నాలుగింతలవుతుంది. గట్టు ఎంత ఎత్తయితే వేడికి అంత లాభం. ఒకే గిన్నెలో రెండు చర్యలు పోటీ పడుతున్నప్పుడు మంట పెంచితే రెండూ వేగం పుంజుకుంటాయి, కానీ ఎత్తయిన గట్టున్నది ఎక్కువ పుంజుకుంటుంది. సన్న సెగ మీద చేసిన వంట పెద్ద మంట మీద త్వరగా చేస్తే అదే రుచి రాకపోవడంలో దీని పాత్ర కొంత ఉంది. అప్పటిదాకా వెనకబడి ఉన్న చర్యలు పెద్ద మంటకు ముందుకొస్తాయి.

యుద్ధానికి అటూ ఇటూ ఒకే ఆలోచన

అర్రీనియస్ గట్టు సంగతి చెప్పాడు. ఢీల సంఖ్యను, గట్టు దాటే వంతును గుణించి చర్యా వేగాన్ని నేరుగా లెక్కకట్టవచ్చని చూపినవారు ఇద్దరు. జర్మనీలో మాక్స్ ట్రాట్జ్ 1916లో, ఇంగ్లండులోని లివర్‌పూల్‌లో విలియం లూయిస్ 1918లో. మధ్యలో మొదటి ప్రపంచ యుద్ధం. శత్రు దేశాల మధ్య పత్రికల రాకపోకలు లేవు. లూయిస్ తన లెక్క వేసేటప్పటికి ట్రాట్జ్ పని అతనికి తెలియదు.

పంచదార లాంటి ద్రావణంలో ఢీలను లెక్కపెట్టడం కష్టం. అందుకే లూయిస్ తేలికైన వాయువును ఎంచుకున్నాడు. హైడ్రోజన్ అయొడైడ్ అణువులు రెండు ఢీకొని హైడ్రోజన్‌గా, అయొడిన్‌గా విడిపోతాయి. అంతకు ముందే బోడెన్‌స్టైన్ ఈ వాయువును గాజు బుడ్లలో పోసి మూసి, రకరకాల ఉష్ణోగ్రతల్లో ఉంచి, ఎంత విడిపోయిందో జాగ్రత్తగా కొలిచి పెట్టాడు. లూయిస్ అణువుల పరిమాణం, వేగం తీసుకుని ఢీల సంఖ్య కట్టాడు. దాన్ని గట్టు దాటే వంతుతో గుణించాడు. సుమారు 283 డిగ్రీల దగ్గర వచ్చిన జవాబు బోడెన్‌స్టైన్ కొలతకు చాలా దగ్గరగా వచ్చింది. అణువులను కంటితో చూడకుండానే వాటి ఢీలను లెక్కపెట్టి చర్య వేగం చెప్పగలిగాడన్నమాట.

ఏ ఆక్సిజన్‌కు తగిలింది?

ఆ సంబరం ఎక్కువ కాలం నిలవలేదు. పెద్ద అణువుల చర్యలకు ఇదే లెక్క వేస్తే జవాబు కొలత కంటే వందల రెట్లు, కొన్నిసార్లు లక్షల రెట్లు ఎక్కువ వచ్చింది. ఢీ ఉంది, శక్తి ఉంది, అయినా చర్య లేదు. మూడో షరతు ఒకటి తప్పిపోయింది.

దాన్ని చూడటానికి మళ్లీ పాకం దగ్గరికే రావచ్చు. పంచదార అణువులో పదకొండు ఆక్సిజన్ పరమాణువులున్నాయి. వాటిలో గ్లూకోజునూ ఫ్రక్టోజునూ కలిపే వంతెన ఒక్కటే. హైడ్రోజన్ అయాన్ వచ్చి మిగతా పదింటిలో దేనికి తగిలినా ఆ జంట విడిపోదు. ఆ వంతెన దగ్గరికే రావాలి. తాళానికి ఎంత బలంగా తాళంచెవి గుచ్చినా రంధ్రంలో పడకపోతే తెరుచుకోదు. అలాగే సరైన చోట, సరైన వైపు నుంచి తగలకపోతే ఢీ వృథా. హైడ్రోజన్ అయొడైడ్ రెండు పరమాణువుల చిన్న అణువు కాబట్టి ఈ తేడా లూయిస్ లెక్కను చెడగొట్టలేదు. పెద్ద అణువుల్లో అదే ప్రధానమైంది.

అభిఘాత సిద్ధాంతం మూడు షరతులు ఇవే. అణువులు ఢీకొనాలి, గట్టు దాటే శక్తితో ఢీకొనాలి, తగలాల్సిన చోట తగలాలి. మూడోదాన్ని సిద్ధాంతం తనంతట తాను లెక్కకట్టలేదు, ప్రయోగం నుంచి తెచ్చుకుని కలుపుకోవాలి. అణువులను గట్టి గోళీలుగా ఊహించుకోవడం దాని బలం, బలహీనత కూడా. గట్టు మీద ఉన్న క్షణంలో అణువులు ఏ రూపంలో ఉంటాయో చూసే సిద్ధాంతాన్ని 1935లో ఐరింగ్ ఒక పక్క, ఇవాన్స్, పొలానీ ఇంకో పక్క ఇచ్చారు. ద్రావణంలో ఇంకో చిక్కు ఉంది. పంచదార అణువు చుట్టూ నీటి అణువులు కిక్కిరిసి ఉంటాయి. వాయువులో లాగా ఎగిరి ఢీకొని పోవడం ఉండదు. ఒకసారి ఎదురుపడ్డవి విడిపోయే దారి లేక మళ్లీ మళ్లీ తగులుతుంటాయి. పంచదార కూడా ఒక్క ఢీతో విరగదు. ముందు అయాన్ అంటుకుంటుంది, తరవాత బంధం తెగుతుంది, ఆ తరవాత నీరు చేరుతుంది. పైన వేసిన కోటి కోట్ల లెక్కను అచ్చంగా ఢీల జనాభా లెక్కగా కాక, గట్టు ఎంత కఠినమో చెప్పే అంచనాగా తీసుకోవాలి. నాలుగున్నర వేల రెట్ల నిష్పత్తికి మాత్రం దానివల్ల ఢోకా లేదు. అది కొలిచిన గట్టు ఎత్తు నుంచి వచ్చింది.

ఇక తేనెటీగలు ఇదే పంచదారను పొయ్యి లేకుండా విరుస్తాయి. పట్టు లోపల వేడి 35 డిగ్రీల దగ్గర ఉంటుంది. పూల నుంచి తెచ్చిన తీపిలో అవి ఇన్వర్టేజు అనే ఎంజైము కలుపుతాయి. అది గట్టును దాదాపు సగానికి దించుతుంది. అంటే అణువులకు శక్తిని పెంచకుండా గీతనే కిందికి జరిపారు. 95కు బదులు 60 మార్కులు చాలన్నట్టు. తేనెలో ఎక్కువగా ఉండేవి గ్లూకోజు, ఫ్రక్టోజులే కావడానికి కారణం ఇది. అలాగని తేనెటీగల పద్ధతిని మంట మీద పెట్టి ఇంకా వేగం చేయలేం. ఎంజైము ఒక ప్రొటీను. ఎక్కువ వేడికి దాని ఆకారం చెడి పనికి రాకుండా పోతుంది.

ఎప్పుడు పిండాలి?

ఇప్పుడు పొయ్యి దగ్గరికి వెళ్తే పాకం కొత్తగా కనిపిస్తుంది. మరిగే కొద్దీ నీరు ఆవిరవుతుంది, పంచదార, పులుపు రెండూ చిక్కబడతాయి. చిక్కబడిన పాకం ఇంకా ఎక్కువ వేడి దగ్గర మరుగుతుంది. తీగపాకం 105 డిగ్రీల దగ్గర ఉంటే ఉండపాకం 118 దాకా పోతుంది. ఆ పదమూడు డిగ్రీలకే విరిగే వేగం మూడింతలవుతుంది, దాని మీద గాఢత పెరిగిన లాభం అదనం. అందుకే చివరి రెండు మూడు నిమిషాల్లో పాకం చేయి జారిపోతుంది. నిమ్మకాయ ఎక్కువై, మంట మీద ఎక్కువసేపు ఉంటే పంచదార మరీ ఎక్కువ విరిగి, పాకం జిగటగా సాగుతుంది, త్వరగా ఎర్రబడుతుంది. గులాబ్‌జామ్‌కు అది పెద్ద నష్టం కాదు. పెళ్లి సారెలో పెట్టే పంచదార చిలకలకు మాత్రం అదే శత్రువు. అవి పలుకు కట్టి గట్టిపడితేనే చిలకలు. ఆ పాకంలో పులుపు ఎక్కువైతే చిలక అచ్చులోంచి సరిగా రాదు.

పులుపు పిండటం మరిచిపోయి, పొయ్యి కట్టేశాక గుర్తొస్తే ఏమవుతుంది? పాకం 80 డిగ్రీలకు దిగేసరికి విరిగే వేగం తీగపాకంలో ఉన్నదానికి పదకొండో వంతుకు పడిపోయి ఉంటుంది. 60 డిగ్రీలకు దిగితే నూరో వంతు. మంట మీద పది నిమిషాలు చాలిన పనికి ఇప్పుడు పదహారు గంటలకు పైగా కావాలి. పాకం అంతసేపు అరవై దగ్గర నిలవదు. ఇంకా చల్లబడుతుంది, పని ఇంకా మందగిస్తుంది. గుర్తొచ్చింది కదా అని అప్పుడు రెండు కాయలు పిండినా గాఢత ఎక్కాల లెక్కనే పెంచగలదు. తగ్గిన వేడి నూరో వంతు చేసిన వేగాన్ని అది లాక్కురాలేదు. పుల్లని పాకం మిగులుతుంది, మర్నాటికి గిన్నె అడుగున పలుకులు తేలుతాయి. పులుపు పడాల్సింది పాకం మరుగుతున్నప్పుడే.